మార్చి నెలాఖరులో లీవ్ లెటర్

“మార్చిలో మాత్రం నన్నేమీ అడగొద్దు” అనే మాట బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఏప్రిల్ 1న ఖాతాల ముగింపు కోసం కౌంటర్లు మూస్తారు. ఆ వెంటనే బ్రాంచికి ఆడిటర్లు వస్తారు. 2024లో మార్చి 31 ఆదివారం అయింది, 2025లో అదే తేదీన రంజాన్ వచ్చింది. రెండుసార్లూ ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకు శాఖలు ఆ రోజు పనిచేయాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పండగకే సెలవు లేని వారంలో సొంత పనికి సెలవు అడగాల్సి వస్తే ఏం చేయాలి?

ఒక పట్టణ బ్రాంచిలో రుణాల విభాగం చూసే ఆఫీసర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆయన తండ్రి 2024 ఏప్రిల్ 6 మధ్యాహ్నం కాలం చేశారు. సంవత్సరీకం కూడా ఏప్రిల్ మొదటి వారంలోనే వస్తుందని, ఆడిటర్లతో మాట్లాడి ఒకటి రెండు రోజులు సర్దుకోవచ్చని ఆయన అనుకున్నారు. తీరా పంచాంగం చూస్తే ఆనాటి తిథి ఫాల్గుణ బహుళ త్రయోదశి. 2025లో ఆ తిథి మార్చి 27, గురువారం నాడు పడింది. చాంద్రమానం వల్ల పది రోజులు ముందుకు జరిగి, ఆడిట్ వారం నుంచి నేరుగా క్లోజింగ్ వారంలోకి వచ్చింది. పెద్దకొడుకు కాబట్టి కర్త ఆయనే. తేదీ మార్చడానికి లేదు, ఇంకొకరిని పంపడానికీ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పొరపాటు చివరిదాకా నోరు మెదపకపోవడం. అడిగితే కాదంటారన్న భయంతో ఆగి ఆగి, ఆ ఉదయం “జ్వరం, రాలేను” అని మెసేజ్ పెడతారు. బ్యాంకులో ఇది ఎంత ఇబ్బంది తెస్తుందో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. క్యాష్ సేఫ్‌కు రెండు తాళాలు ఉంటాయి. రెండు తాళం చెవులూ ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల దగ్గర ఉంటాయి, ఇద్దరూ వస్తేనే సేఫ్ తెరుచుకుంటుంది. ఒక చెవి ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా రాకపోతే ఆ రోజు నగదూ బయటికి రాదు, తాకట్టులో ఉన్న బంగారమూ బయటికి రాదు. ఇంకోచోట భద్రపరిచిన డూప్లికేట్ తెప్పించుకోవాలి. లేని జ్వరానికి మెడికల్ సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత అది క్రమశిక్షణ చర్య దాకా వెళ్లవచ్చు. సంవత్సరీకం లాంటి న్యాయమైన కారణం చేతిలో ఉండగా అబద్ధం చెప్పి దాన్ని పాడుచేసుకోవడం బాధాకరం.

నిబంధన సంగతి కూడా తెలిసి ఉండాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఏడాదికి 12 క్యాజువల్ లీవులు ఉంటాయి. ఖాతాలో లీవు ఉన్నంత మాత్రాన అడిగిన రోజున ఇచ్చి తీరాలని లేదు. పని అవసరాన్ని బట్టి కాదనే అధికారం పై అధికారికి ఉంది. కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి ఆ నిర్ణయానికి కావలసిన వివరాలన్నీ ముందే అందాలి.

ఉదాహరణలోని ఆఫీసర్ జనవరిలోనే మేనేజర్‌కు నోటిమాటగా చెప్పారు, ఫిబ్రవరిలో రాసి ఇచ్చారు. “ఇబ్బందికి క్షమించగలరు” అని ఒక వాక్యం చేర్చి ఊరుకుంటే సరిపోదు. తాను లేకపోతే ఆగిపోయే పని ఏమిటో విడివిడిగా చెప్పాలి. రుణాల విభాగంలో అది స్పష్టంగా లెక్క కట్టగలిగేదే. 2024 డిసెంబరు 31న కట్టాల్సిన వాయిదా అలాగే ఉండిపోతే, 90 రోజుల లెక్క ప్రకారం 2025 మార్చి 31 రాత్రికి ఆ ఖాతా మొండి బకాయిగా మారుతుంది. అంటే మార్చి 26, 27, 28 తేదీలు అలాంటి ఖాతాదారుల చేత కట్టించే చివరి రోజులు. ఆ మూడు రోజులే ఆయన అడుగుతున్నారు. ఈ సంగతి మేనేజర్ గుర్తుచేసేదాకా ఆగకుండా తానే ముందుగా రాయడంలో నిజాయితీ ఉంది.

ఆయన లీవ్ లెటర్‌లోని అసలు భాగం ఇలా ఉంది:

“మేనేజర్ గారికి, మార్చి 27న మా నాన్నగారి సంవత్సరీకం. కర్తను నేనే కనుక 27 తప్పనిసరి. 26, 28 తేదీలు ప్రయాణం కోసం అడుగుతున్నాను, వాటి గురించి మీతో మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాను. ఇది క్లోజింగ్ వారమని, నా పని మిగతావారి మీద పడుతుందని తెలుసు. 31లోగా కట్టించాల్సిన ఖాతాలు నాలుగు ఉన్నాయి. నేను వెళ్లేలోగా నలుగురినీ ఒకసారి కలుస్తాను. వివరాల కాగితం జతచేశాను. రెన్యూవల్ ఫైళ్లు 22వ తేదీకల్లా పూర్తిచేసి బీరువాలో పెడతాను. తాళం చెవి ఎవరికి అప్పగించాలో మీరు చెప్పగలరు. కార్యక్రమం జరిగే 27 మధ్యాహ్నం వరకు ఫోన్‌లో దొరకను.”

ఏ రోజు కదపలేనిదో, ఏ రోజుల మీద మాట్లాడుకోవచ్చో వేరుచేసి చెప్పడం ఇందులో అన్నిటికంటే పనికొచ్చింది. మూడు రోజులనూ ఒకే ముద్దగా అడిగితే మేనేజర్ అవుననో కాదనో అనగలరు తప్ప సర్దుబాటు చేయలేరు. ఇక్కడ ఆయన 26న పనిచేసి సాయంత్రం బయల్దేరమన్నారు, 27, 28 మంజూరు చేశారు. చివరి వాక్యం కూడా ముఖ్యమే. “ఎప్పుడైనా ఫోన్ చేయండి” అని మొహమాటానికి రాసి, పిండప్రదానం వేళ ఫోన్ ఎత్తకపోతే అటు ఆఫీసూ ఇబ్బంది పడుతుంది, ఇటు మనసూ కార్యక్రమం మీద నిలవదు.

అప్పగింతలో కొన్ని చేయకూడనివి ఉన్నాయి. తోటి ఉద్యోగి మీద ఎంత నమ్మకమున్నా పాస్‌వర్డ్ చెప్పి వెళ్లకూడదు. ఒకరు నమోదు చేసింది మరొకరు సరిచూడాలన్నదే బ్యాంకు పని పద్ధతి. ఒకే మనిషి రెండు ఐడీలూ వాడితే ఆ కట్టుబాటు అక్కడే తెగిపోతుంది. ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో మేనేజర్ సిస్టమ్‌లో ఇవ్వాలి. తాళం చెవి కూడా చేతికిచ్చి వెళ్లిపోయేది కాదు. నగదు లెక్కచూసి, రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకాలు చేశాకే మారాలి. పనిభారం పంచుకున్న వాళ్లకు కాగితం మీద స్పష్టత కూడా కావాలి. నాలుగు ఖాతాల దగ్గరా చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఎంత కడతామన్నారు, ఇంట్లో ఎవరితో మాట్లాడితే పని జరుగుతుంది అన్నవి రాసి ఉంటే కొత్త మనిషి పని మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.

అప్రైజల్ రోజులు కూడా ఇవే కావడంతో లీవు అడిగితే మార్కులు తగ్గుతాయేమోనన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని లీవ్ లెటర్‌లోకి తేవద్దు. ఏడాదంతా ఎంత కష్టపడ్డారో అందులో ఏకరువు పెడితే బేరమాడినట్లు ఉంటుంది. ఆ మాటలకు స్వీయ మదింపు పత్రం వేరుగా ఉంది.

29, శనివారం ఉదయం ఆయన తిరిగొచ్చి ముందు నగదు లెక్కచూసుకుని, సంతకం పెట్టి తాళం చెవి తీసుకున్నారు. నాలుగు ఖాతాల్లో మూడింటికి వాయిదా జమ అయింది. నాలుగో ఖాతాదారు ఊళ్లో లేడని సహోద్యోగి కాగితం మీద రాసి ఉంచారు. మర్నాడు ఉగాది. మిగిలింది ఆ శనివారం, ఆపైన సోమవారం. ఆయన బల్ల దగ్గర కూర్చోకుండానే బండి తీసుకుని ఆ ఇంటికి బయల్దేరారు.