పై పెంకు తీయనిదే కింది పెంకు మారదు

పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియో ఉందనుకోండి. నాలుగేళ్ల వీడియోలన్నీ నాలుగు డిస్కుల నాస్ పెట్టెలో ఉన్నాయి. ఒక డిస్కు పోయింది. రెయిడ్ ఉంది కాబట్టి డేటా పోలేదు. కొత్త 4 టీబీ డిస్కు తెచ్చి పెడితే, మిగతా మూడూ చదివి పోయినదాంట్లో ఉన్నదంతా మళ్లీ రాస్తుంది పెట్టె. దీన్నే రీబిల్డ్ అంటారు. సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా 4 టీబీకి ఏడున్నర గంటలు చాలు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోవాలి. కానీ కొన్ని డిస్కులతో వారం దాటినా అవదు. డిస్కు పాడై కాదు, దాని తయారీయే అలాంటిది.

మామూలు డిస్కులో డేటా గుండ్రటి గీతల్లో, అంటే ట్రాకుల్లో ఉంటుంది. గీతకీ గీతకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ఈ పద్ధతి పేరు సీఎంఆర్. రాసే హెడ్ వేసే గీత వెడల్పు. చదివే హెడ్‌కి అందులో సన్నటి పట్టీ చాలు. ఇంకేం, ఒక గీత మీద కొంత ఎక్కించి పక్క గీత రాస్తే అదే పళ్లెంలో ఎక్కువ డేటా పడుతుంది కదా అన్నారు ఇంజనీర్లు. పెంకుటిల్లు కప్పు లాగే. దీని పేరు ఎస్‌ఎంఆర్.

పెంకుటిల్లు నేయించినవాళ్లకి ఇందులో చిక్కు చెప్పనక్కర్లేదు. నడిమి పెంకు పగిలితే దాని మీదికి వాలిన వరసల్ని లేపాల్సిందే. ఇక్కడా అంతే. ఒక గీత మారిస్తే దాని మీద ఎక్కిన గీత చెరిగిపోతుంది. అందుకే గీతల్ని కట్టలుగా విడగొడతారు. ఒక్కో కట్ట సాధారణంగా 256 ఎంబీ. కట్ట మొదట్లో 4 కేబీ ముక్క మార్చాలన్నా మిగతా అంతా చదివి మళ్లీ రాయాలి. చదవడానికి సుమారు రెండు సెకన్లు, రాయడానికి ఇంకో రెండు. కంటి రెప్పపాటు పని నాలుగు సెకన్లయింది.

ఇది మనకు తెలియకుండా డిస్కు ఒక ఉపాయం చేస్తుంది. పళ్లెంలో కొంత భాగాన్ని పాత పద్ధతిలోనే ఉంచి, వచ్చిందంతా ముందు అక్కడ పడేస్తుంది. మనం ఊరుకున్నప్పుడు తీరిగ్గా పెంకుల్లోకి సర్దుతుంది. అందుకే ఇంట్లో ఫొటోలు దాచుకునేవాళ్లకి తేడాయే కనబడదు. రీబిల్డ్‌లో ఆ తీరిక దొరకదు. గంటల తరబడి రాత ఆగదు. ఆ జాగా నిండిపోయాక సర్దుతూనే రాయాలి. సెకనుకు 150 ఎంబీ వేగం పదులకో, అంతకంటే కిందికో జారుతుంది. ఒక్కోసారి డిస్కు ఎంతసేపటికీ బదులివ్వక, చచ్చిపోయిందనుకుని కంట్రోలర్ దాన్ని గెంటేస్తుంది కూడా. ఈ లోపు మిగతా మూడింట్లో ఇంకొకటి పోతే మొత్తం పోయినట్టే.

2020 ఏప్రిల్‌లో ఈ గొడవ బయటపడింది. నాస్ కోసమనే అమ్మే వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని ఎస్‌ఎంఆర్‌వి అని తేలింది. డబ్బా మీద ఆ మాట లేదు. ఆ ఏడాది సర్వ్‌దిహోమ్ అనే పత్రిక జెడ్‌ఎఫ్‌ఎస్ మీద పరీక్ష చేస్తే, 4 టీబీ ఎస్‌ఎంఆర్ రెడ్ రీబిల్డ్‌కి తొమ్మిది రోజులకు పైగా పట్టింది. సీఎంఆర్ డిస్కులకు ఒక రోజు కూడా పట్టలేదు. ఇక్కడ జెడ్‌ఎఫ్‌ఎస్ వంతూ ఉంది: అది డేటాను డిస్కు మొదటి నుంచి వరసగా కాక, తన లెక్కల ప్రకారం అక్కడక్కడా రాస్తుంది. వరసగా రాసుకుపోయే మామూలు లైనక్స్ రెయిడ్‌లో ఇంత ఘోరం ఉండదు. కాకపోతే రీబిల్డ్ నడుస్తుండగా స్టూడియోవాళ్లు అదే నాస్‌లో ఎడిటింగ్ చేసుకుంటుంటే ఆ వరస చెదిరిపోతుంది.

చేతిలో ఉన్న డిస్కు ఏదో కనుక్కోవడానికి పెద్ద ఫైళ్లు ఓ వంద, రెండు వందల జీబీ ఆపకుండా కాపీ చేసి చూడండి. మధ్యలో వేగం దబ్బున పడి లేవకపోతే, కాపీ అయ్యాక కూడా డిస్కు చాలాసేపు తనలో తాను గరగరమంటుంటే అనుమానించాలి. లైనక్స్ ఉంటే ఇదీ చూడొచ్చు:

```
sudo smartctl -i /dev/sdb
```

తిరిగే డిస్కుకి `TRIM Command: Available` అని వస్తే అది దాదాపు ఎస్‌ఎంఆరే. రాకపోతే మాత్రం సీఎంఆర్ అనుకోవద్దు. ఆ సదుపాయం లేని ఎస్‌ఎంఆర్ డిస్కులూ ఉన్నాయి. అన్నిటికంటే నమ్మకమైనది కంపెనీ డేటాషీట్. గొడవ తర్వాత అందులో పద్ధతి రాస్తున్నారు. మోడల్ నంబరు చివరి అక్షరాలు చదవకుండా డబ్బులివ్వకండి: WD40EFRX సీఎంఆర్, WD40EFAX ఎస్‌ఎంఆర్. రెండూ 4 టీబీయే, రెండిటి మీదా రెడ్ అనే ఉంటుంది. 2020లోనే ఆ కంపెనీ సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. దుకాణంలో ‘ప్లస్ లేకపోయినా ఒకటే సార్’ అంటే, ఒకటి కాదు.