మూడు మిల్లీమీటర్ల స్క్రూకి మూడు మిల్లీమీటర్ల బెజ్జం చాలదు

త్రీడీ ప్రింటర్ కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసేది ఓ చిన్న డబ్బా. ఆర్డ్యునో బోర్డుకో, వైఫై సెన్సర్‌కో ఇల్లు కావాలి కదా. కంప్యూటర్‌లో డబ్బా గీసి, మూత గీసి, నాలుగు మూలలా ఎం3 స్క్రూల కోసం సరిగ్గా 3 మి.మీ. బెజ్జాలు పెడతారు. ప్రింట్ అందంగానే వస్తుంది. తీరా చూస్తే స్క్రూ మాత్రం మూతలోకే దిగదు. కోపంతో బలంగా తిప్పితే పొరల వెంట మూల చీలుతుంది.

తప్పు ప్రింటర్ మీదకు నెట్టేయడం తేలికే గానీ, సగం తప్పు ప్రింటర్‌ దాకా రాకముందే జరిగిపోతుంది. ప్రింటింగ్‌కు పంపే ఎస్‌టీఎల్ ఫైలులో నిజమైన వృత్తం ఉండదు. అన్నీ చిన్న చిన్న సరళరేఖలే. వృత్తం లోపల గీసిన బహుభుజి కాబట్టి దాని మూలలు వృత్తాన్ని తాకుతాయి, భుజాలు మాత్రం లోపలికి ఉండిపోతాయి. ఓపెన్‌స్కాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భుజాలెన్నో చెప్పకుండా 3.2 మి.మీ. బెజ్జం పెడితే అది ఆరు భుజాలతో గీసి ఊరుకుంటుంది. ఎదురెదురు భుజాల మధ్య దూరం 2.77 మి.మీ. మాత్రమే. మూడు మిల్లీమీటర్ల స్క్రూ అందులో ఎలా పడుతుంది? `$fn = 48` అని రాస్తే ఆ లోటు దాదాపు పోతుంది.

మిగతా సగం ప్లాస్టిక్ పని. నాజిల్ నుంచి వేడిగా వచ్చే దారం చిన్న వృత్తం చుట్టూ తిరిగేటప్పుడు కేంద్రం వైపు లాక్కుంటుంది, చల్లారాక కాస్త ముడుచుకుంటుంది. అందుకే చిన్న బెజ్జాలు గీసినదానికంటే ఇరుకుగా వస్తాయి. ఎంత ఇరుకు అన్నది ప్రింటర్‌ను బట్టి, ప్లాస్టిక్‌ను బట్టి మారుతుంది. కొలత పుస్తకంలో దొరకదు. 2.4 నుంచి 3.6 దాకా రెండేసి పాయింట్ల తేడాతో వరుసగా బెజ్జాలున్న చిన్న పలకను ముందుగా ప్రింట్ చేసి, చేతిలో ఉన్న స్క్రూనే ఒక్కోదాంట్లో వేసి చూస్తే సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఆ పలకలో వెతకాల్సింది ఒక బెజ్జాన్ని కాదు, రెండింటిని. ఒకే స్క్రూ మూతలో ఒక పని, డబ్బాలో మరో పని చేస్తుంది. మూతలో అది అడ్డు లేకుండా జారిపోవాలి. లోహపు పనిలో ఎం3కి సాధారణంగా వాడే దారి బెజ్జం 3.4 మి.మీ., మోడల్‌కూ అదే మంచి మొదలు. డబ్బా మూలల్లోని దిమ్మల్లో మాత్రం స్క్రూ మర ప్లాస్టిక్‌ను కొరుక్కుంటూ దిగాలి. అక్కడ 2.6 లేదా 2.7 పెట్టి చూడాలి.

రెండుచోట్లా ఒకే ఇరుకు బెజ్జం పెడితే వచ్చే చిక్కు విచిత్రంగా ఉంటుంది. స్క్రూ బిగుసుకుపోతుంది, మూతకీ డబ్బాకీ మధ్య సందు మాత్రం అలాగే ఉంటుంది. ఎంత తిప్పినా తగ్గదు. మర రెండింటినీ పట్టుకుంది కాబట్టి స్క్రూ దిగినంత మేరా మూతా డబ్బా రెండూ ఒకే దూరంలో ఉండిపోతాయి. తల మూతను కిందికి నొక్కే అవకాశమే రాదు. స్క్రూ బిగుతుగా ఉన్నా సందు పోలేదంటే, చూడాల్సింది దిమ్మను కాదు, మూతలోని బెజ్జాన్ని.

ఇక తల సంగతి. మూత పైభాగం నున్నగా ఉండాలంటే తల లోపలికి దిగే స్క్రూ వాడతారు. హార్డ్‌వేర్ షాపులో 'సీఎస్‌కే' అని అడిగితే ఇచ్చేది అదే. దాని తల కింది భాగం శంకువులా ఉంటుంది. మెట్రిక్ స్క్రూలో ఆ శంకువు కోణం 90 డిగ్రీలు. అంగుళాల లెక్కలో వచ్చే అమెరికన్ స్క్రూల్లో 82 డిగ్రీలు. ఒకదానికి చేసిన గుంటలో మరొకటి పెడితే తల అంచు మీదో, మెడ మీదో మాత్రమే ఆనుతుంది. ఆ కొద్దిచోటే బరువంతా పడి ప్లాస్టిక్ నలుగుతుంది.

మూత మందం 3 మి.మీ. అనుకుందాం. ఎం3 సీఎస్‌కే స్క్రూ తల వ్యాసం సుమారు 6 మి.మీ., ఎత్తు 1.7. గుంటను 6.4 దాకా వెడల్పు చేసి, పైన 0.2 మి.మీ. నిలువు అంచు వదిలితే తల ఉపరితలానికి కాస్త కిందే కూర్చుంటుంది. ఓపెన్‌స్కాడ్‌లో అది ఇంతే:

```
$fn = 48;
difference() {
  cube([60, 40, 3]);
  translate([6, 6, -1])
    cylinder(h = 5, d = 3.4);
  translate([6, 6, 1.3])
    cylinder(h = 1.5, d1 = 3.4, d2 = 6.4);
  translate([6, 6, 2.8])
    cylinder(h = 1, d = 6.4);
}
```

ఇది ఒక మూలకే, మిగతా మూడింటికీ స్థానాలు మార్చుకోవాలి. 3.4 నుంచి 6.4కి వెళ్లడానికి ఎత్తు 1.5 ఎందుకంటే, 90 డిగ్రీల శంకువు గోడ 45 డిగ్రీల వాలులో ఉంటుంది. వ్యాసార్ధం ఎంత పెరిగితే ఎత్తూ అంతే. ఆ వాలు మరో మేలు కూడా చేస్తుంది. మూతను బోర్లించి, గుంట నోరు ప్రింటర్ మంచానికి ఆనేలా పెట్టినా, ఆ గోడకు ఆధారాలు అక్కర్లేదు. అయితే మంచానికి ఆనే మొదటి పొర ఒత్తిడికి పక్కలకు పరుచుకుని గుంట నోటిని ఇరుకు చేస్తుంది. తల సరిగ్గా అంచు దగ్గరే ఆగిపోతుంటే కారణం అదే, చాకుతో ఆ అంచు గీరేస్తే సరిపోతుంది.

సీఎస్‌కే స్క్రూ పొడవును తలతో కలిపే చెబుతారు. మామూలు గుండ్రటి తల స్క్రూకి తల కింది నుంచి లెక్క. అంటే 12 మి.మీ. సీఎస్‌కే స్క్రూ ఈ మూతను దాటి దిమ్మలోకి 9.2 మి.మీ. దిగుతుంది. దిమ్మ బెజ్జం లోతు 11 ఉంచాలి. తక్కువైతే స్క్రూ మొన అడుగును తాకి ఆగిపోతుంది, మూత మళ్లీ వదులుగానే ఉంటుంది.

దిమ్మలో మరను కూడా మోడల్‌లోనే గీసేస్తే పోలా అనిపిస్తుంది. ఎం3 మరకు ఒక చుట్టు ఎత్తు 0.5 మి.మీ., లోతు సుమారు 0.3. మామూలు నాజిల్ రంధ్రమే 0.4. పొర మందం 0.2 అయితే ఒక్కో చుట్టుకు రెండున్నర పొరలే వస్తాయి. అక్కడ ఏర్పడేది మర కాదు, గరుకు. సీసా మూత లాంటి పెద్ద వాటికి మాత్రం మర గీయడమే దారి. ఎం20కి ఒక చుట్టు 2.5 మి.మీ., అంటే పన్నెండు పొరలకు పైనే. ఫ్యూజన్ వాడేవాళ్లు థ్రెడ్ కమాండ్‌లో `Modeled` అన్న గడి టిక్ చేయాలి. లేకపోతే తెర మీద మర బొమ్మ కనిపిస్తుంది, ప్రింట్‌లో నున్నటి గొట్టం వస్తుంది. టిక్ చేశాక కూడా మగ మరకూ ఆడ మరకూ మధ్య ఒక్కో వైపు 0.2 మి.మీ. ఖాళీ విడిగా ఇవ్వాలి.

చిన్న డబ్బాకు స్క్రూయే తన మర తాను కోసుకోవడం మేలు. మొదటిసారి మెల్లగా, నిటారుగా దించాలి. విప్పి మళ్లీ బిగించేటప్పుడు స్క్రూను ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, తిప్పాలి. 'టక్' మని పాత మరలో పడినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పాలి. అలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర పడుతుంది, పాతది నుసి అవుతుంది.

ఎన్నిసార్లు తిప్పినా బిగుసుకోకుండా స్క్రూ ఊరికే తిరుగుతోందంటే ఆ నుసి మొత్తం అయిపోయినట్టే. అప్పుడు దిమ్మను డ్రిల్లుతో వెడల్పు చేసి, సోల్డరింగ్ ఐరన్ మొనతో ఇత్తడి ఇన్సర్ట్‌ను కరిగించి దించుతారు. ఎం3 ఇన్సర్ట్‌లకు 4 మి.మీ. బెజ్జం తరచూ సరిపోతుంది, అయినా తయారీదారు ఇచ్చిన కొలతే చూసుకోవాలి. దిమ్మ బయటి వ్యాసాన్ని మొదట్లోనే 8 మి.మీ. పెట్టి ఉంటే చుట్టూ రెండేసి మిల్లీమీటర్ల గోడ మిగులుతుంది కాబట్టి ఈ మరమ్మతుకు డబ్బాను మళ్లీ ప్రింట్ చేయక్కర్లేదు.