ఏ అంచనా తప్పితే ప్రాజెక్టుకు నష్టం?

సోలార్ ప్లాంటు ప్రాజెక్టు రిపోర్టు తిరగేస్తే చివర్లో ఎన్‌పీవీ అని ఒక అంకె కనిపిస్తుంది. రాబోయే ఏళ్లలో చేతికొచ్చే డబ్బును నేటి విలువకు మార్చి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేదే అది. దాని వెనక చాలా అంచనాలుంటాయి. వాటిలో ఏది తప్పితే ఎక్కువ దెబ్బో చూపించేదే టోర్నడో చార్ట్.

ఒక ఊహా ప్లాంటునే తీసుకుందాం. పెట్టుబడి 4 కోట్లు. ఏడాదికి 16 లక్షల యూనిట్ల కరెంటు, యూనిట్ ధర మూడున్నర రూపాయలు, నిర్వహణ ఖర్చు 6 లక్షలు. పాతికేళ్ల ఆయుష్షు, 10 శాతం డిస్కౌంట్ రేటు. ప్యానెళ్ల అరుగుదల, పన్నులు పక్కనపెడితే ఎన్‌పీవీ సుమారు 54 లక్షలు వస్తుంది.

ఇప్పుడు మిగతావన్నీ కదపకుండా ఒక్క ఉత్పత్తినే మారుద్దాం. ఎండ సరిగా లేక 14.5 లక్షల యూనిట్లే వస్తే ఎన్‌పీవీ 6 లక్షలకు పడిపోతుంది. 17 లక్షలొస్తే 86 లక్షలకు చేరుతుంది. ఈ రెండు అంకెల మధ్య అడ్డంగా ఒక పట్టీ గీస్తాం. ప్రతి అంచనాకూ ఇలాగే గీసి, పొడవైనదాన్ని పైన, పొట్టిదాన్ని కింద పేరిస్తే బొమ్మ సుడిగాలిలా పైన వెడల్పుగా, కింద సన్నగా కనిపిస్తుంది. పేరు అందుకే వచ్చింది.

చాలామంది పొరబడేది పట్టీ కొలతల దగ్గరే. పని తేలికని అన్నింటినీ 10 శాతం అటూ ఇటూ జరుపుతారు. అలా చేస్తే మన ప్లాంటులో యూనిట్ ధర, ఉత్పత్తి సమానంగా అగ్రస్థానంలో నిలుస్తాయి. కానీ ధర పాతికేళ్ల ఒప్పందంలో ఖరారైపోయి ఉంటే అది కదిలేదే కాదు, దానికి పట్టీయే అక్కర్లేదు. అప్పుల ఖర్చు పెరిగి డిస్కౌంట్ రేటు 9 నుంచి 12 వరకు ఎక్కడైనా ఉండొచ్చనుకుంటే, ఆ పట్టీ 91 లక్షల లాభం నుంచి 8 లక్షల నష్టం దాకా సాగి అన్నిటికంటే పైకి చేరుతుంది. సున్నా గీతను దాటే పట్టీ ఏదో ముందు చూడాలని నేనంటాను. పొడవు ఆ తర్వాతి సంగతి.

ఇంకో పరిమితి ఉంది. ఈ చార్ట్ ఒకసారికి ఒక్కదాన్నే కదుపుతుంది. పెట్టుబడి 4.4 కోట్లకు పెరిగినా 14 లక్షలు మిగులుతుంది, ఉత్పత్తి తగ్గినా 6 లక్షలు మిగులుతుంది. రెండూ ఒకేసారి జరిగితే మాత్రం 34 లక్షల నష్టం. ఆ ప్రమాదం ఏ పట్టీలోనూ కనబడదు. జంటగా చెడిపోగల అంచనాలను విడిగా కలిపి లెక్కేయాల్సిందే.

మీ ముందు ఎవరైనా ఈ చార్ట్ పెడితే, పట్టీల చివర్లలోని కనిష్ఠ, గరిష్ఠ అంకెలు ఎవరిచ్చారో, ఏ ఆధారంతో ఇచ్చారో ముందు అడగండి.