అడ్డంగా నింపి, నిలువుగా చదవాలి

గోవాలో బాలింతల్లో 23 శాతం మందికి కుంగుబాటు ఉందని ఒక అధ్యయనం తేల్చింది. తమిళనాడు పల్లెల్లో అది 11 శాతమేనని ఇంకొకటి చెప్పింది. రెండూ 2002లోనే, పేరున్న మానసిక వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ప్రసవానంతర కుంగుబాటు స్క్రీనింగ్ మీద డిసర్టేషన్ రాస్తున్న ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థినికి ఈ రెండూ తప్పకుండా ఎదురవుతాయి. చదవగానే చేతికి వచ్చే వాక్యం ‘గోవాలో సమస్య తమిళనాడు కంటే రెట్టింపు’ అని. ఆ వాక్యం నిలవదు. ఎందుకు నిలవదో ఆ వ్యాసాల్లోనే రాసి ఉంది. కాకపోతే ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి చదువుకుంటూ పోతే అది కంటపడదు. రెండింటినీ ఒకే పట్టికలోకి ఎక్కించినప్పుడు బయటపడుతుంది. అలాంటి పట్టికనే లిటరేచర్ రివ్యూ మ్యాట్రిక్స్ అంటారు.

మన కాలేజీల్లో డిసర్టేషన్లు తిరగేస్తే రెండో అధ్యాయం తరచూ ఒకే పోతలో కనిపిస్తుంది. ఫలానా వారు, ఫలానా ఏడాది, ఫలానా ఆసుపత్రిలో ఇంతమంది తల్లుల మీద అధ్యయనం చేశారు, ఇంత శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. అది ఒక పేరా. తర్వాతి పేరాలో పేర్లు, అంకెలు మారతాయి. నలభై అధ్యయనాలుంటే నలభై పేరాలు. వాటిలో ఏవి ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయో, ఏవి విభేదిస్తున్నాయో, ఎందుకో చెప్పే పేరా ఉండదు. ఆరోగ్య శాస్త్రాల విద్యార్థుల కోసం జుడిత్ గారార్డ్ 1999లో మ్యాట్రిక్స్ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశారు. పద్ధతి సులువే. ఒక్కో అధ్యయనానికి ఒక్కో అడ్డు వరుస. ప్రతి అధ్యయనాన్నీ అడగాల్సిన ఒక్కో ప్రశ్నకు ఒక్కో నిలువు వరుస.

కష్టమంతా ఆ ప్రశ్నలు ఎంచుకోవడంలో ఉంది. రచయిత, సంవత్సరం, ఊరు, ఎంతమంది, ఫలితం అనే వరుసలు ఏ అంశానికైనా సరిపోతాయి. అందుకే ఏ అంశానికీ చాలవు. స్క్రీనింగ్‌కు ఏం కావాలో తెలియాలంటే ముందు స్క్రీనింగ్ ఎలా జరుగుతుందో చూడాలి.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పరికరం ఎడిన్‌బరా ప్రశ్నావళి. కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ 1987లో దాన్ని ప్రచురించారు. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడిగే పది ప్రశ్నలు అందులో ఉంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ముప్పై. మార్కులు ఒక గీత దాటితే ఆ తల్లిని మానసిక వైద్యులు వివరంగా చూడాలని అర్థం. ఆ గీతే కటాఫ్. గీత దాటడం అనుమానం మాత్రమే. జబ్బు ఉందో లేదో తేల్చేది ఆ తర్వాత ఒక పద్ధతి ప్రకారం జరిగే ఇంటర్వ్యూ.

దీన్నిబట్టి పట్టికకు ఐదు నిలువు వరుసలు తప్పనిసరి అవుతాయి. కాన్పయిన ఎన్నో వారంలో అడిగారు? ఏ ప్రశ్నావళితో, ఏ భాషలో అడిగారు? కటాఫ్ ఎంత? జబ్బును ఇంటర్వ్యూతో తేల్చారా, మార్కులతోనే ఆగారా? చివరిగా, వాళ్లు ఇచ్చిన శాతం దేని లెక్క: ఆ రోజుకు కుంగుబాటులో ఉన్నవాళ్లందరిదా, కాన్పు తర్వాత కొత్తగా వచ్చినవాళ్లదేనా?

వీటిలో కటాఫ్ ఒక్కటే ఫలితాన్ని ఎంత మారుస్తుందో లెక్క వేసి చూద్దాం. లెవిస్ బృందం 2020లో బీఎంజేలో ఒక పెద్ద విశ్లేషణ ప్రచురించింది. 58 అధ్యయనాల్లోని గర్భిణులు, బాలింతలు మొత్తం 15,557 మంది వివరాలను ఒక్కచోట చేర్చి, ఎడిన్‌బరా ప్రశ్నావళి ఎంత ఖచ్చితమో చూశారు. నిపుణులు చేసే ఇంటర్వ్యూతో పోల్చితే, 11 లేదా అంతకు మించిన మార్కులను గీతగా పెట్టుకున్నప్పుడు జబ్బున్నవాళ్లలో 81 శాతం మందిని పట్టుకుంది, జబ్బులేనివాళ్లలో 88 శాతం మందిని సరిగ్గా వదిలేసింది. గీతను 13కు పెంచితే ఆ అంకెలు 66, 95 అయ్యాయి.

వెయ్యి మంది బాలింతలున్నారని, వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు 200 మందని అనుకుందాం. గీత 11 దగ్గర ఉంటే జబ్బున్నవాళ్లలో 162 మంది, లేనివాళ్లలో 96 మంది దొరుకుతారు. మొత్తం 258, అంటే దాదాపు 26 శాతం. గీత 13 దగ్గర ఉంటే 132 మంది, 40 మంది. మొత్తం 172, అంటే 17 శాతం. తల్లులు వాళ్లే, ఊరు అదే, ఉన్న జబ్బు 20 శాతమే. మార్కులతోనే ఆగిపోయిన ఇద్దరు పరిశోధకులు మాత్రం ఒకరు 26 అని, ఇంకొకరు 17 అని రాస్తారు. కటాఫ్ వరుస లేని పట్టికలో ఈ తేడా రెండు ఊళ్ల తేడాగా చదువుకుంటాం.

ఇప్పుడు మొదటి రెండు అధ్యయనాలను పట్టికలోకి ఎక్కిద్దాం. గోవాది విక్రమ్ పటేల్ బృందం చేసినది. జిల్లా ఆసుపత్రికి వచ్చిన 270 మంది గర్భిణులను ఏడో నెల దాటాక చేర్చుకున్నారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొంకణి ఎడిన్‌బరా ప్రశ్నావళితో చూశారు. తమిళనాడుది చంద్రన్ బృందం చేసినది. గ్రామీణ ప్రాంతంలో గర్భిణులతో ఒకసారి మాట్లాడి, కాన్పు తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య 301 మందితో మళ్లీ మాట్లాడారు. వాళ్లు వాడింది తమిళంలోకి తెచ్చిన క్లినికల్ ఇంటర్వ్యూ షెడ్యూల్.

నాలుగు గళ్లు నిండాక అయిదో గడి దగ్గర చేయి ఆగుతుంది. గోవా వారి 23 శాతంలో ఆ రోజుకు కుంగుబాటులో ఉన్నవాళ్లందరూ ఉన్నారు. వాళ్లలో 78 శాతం మంది గర్భంతో ఉన్నప్పుడే మానసికంగా నలిగినవాళ్లని ఆ వ్యాసమే చెబుతోంది. తమిళనాడు వారి 11 శాతం, కాన్పుకు ముందు బాగానే ఉండి తర్వాత కుంగిపోయినవాళ్ల లెక్క. ముందునుంచీ ఉన్నవాళ్లను కూడా కలిపితే అక్కడా అంకె దాదాపు 20 శాతానికి చేరుతుంది. రెట్టింపు తేడా అనుకున్నది చాలావరకు కరిగిపోయింది. మిగిలిన కాస్త తేడాకు పరికరం, భాష, ఆసుపత్రికి వచ్చినవాళ్లా పల్లెలోనివాళ్లా అన్నవి కారణాలు కావచ్చు.

పట్టిక నింపేటప్పుడు కొన్ని చిక్కులు పదే పదే వస్తాయి. మొదటిది కటాఫ్ రాసే తీరు. కొన్ని వ్యాసాల్లో 12/13 అని ఉంటుంది. పన్నెండు దాకా లేదు, పదమూడు నుంచి ఉంది అని దాని అర్థం. 1987 నాటి మూల వ్యాసంలో ఉన్నది ఇదే. కొన్ని వ్యాసాలు ≥13 అంటాయి, కొన్ని >12 అంటాయి. మూడూ ఒకటే. గోవా వారి 11/12ను ≥12గా రాసుకోవాలి. అన్నింటినీ ఒకే రూపంలోకి మార్చుకోకపోతే కటాఫ్ ప్రకారం వరుసలను సర్దినప్పుడు ఒకే రకం అధ్యయనాలు చెల్లాచెదురవుతాయి. పైగా ఎక్సెల్‌లో 11/12 అని టైప్ చేస్తే దాన్ని తేదీగా మార్చేస్తుంది. వారాల గడిలో 6-8 అని కొట్టినా అదే జరుగుతుంది. టైప్ చేయకముందే ఆ నిలువు వరుసలను ఎంచుకుని Format Cells లో Text పెట్టుకోవాలి. తర్వాత మారిస్తే అప్పటికే తేదీలైపోయినవి వెనక్కి రావు.

రెండోది ఖాళీ గడి. ఖాళీగా ఉంటే ఇంకా చదవలేదనే అర్థం రావాలి. వెతికినా వ్యాసంలో దొరకకపోతే ‘చెప్పలేదు’ అని రాయాలి. ఇంటర్వ్యూ వరుసలో ‘చెప్పలేదు’, ‘లేదు’ అన్నవి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడితే, మన చేతిలో ఉన్న శాతాల్లో ఎన్ని మార్కుల మీదే నిలబడ్డాయో తెలుస్తుంది. రాసిన ప్రతి అంకె పక్కనా పేజీ లేదా టేబుల్ నంబరు ఉండాలి. గైడ్ అడిగినప్పుడు వ్యాసమంతా మళ్లీ తిరగేయాల్సిన పని తప్పుతుంది.

మూడోది రెండుసార్లు లెక్కపెట్టడం. గోవా తల్లుల సమాచారంతోనే 2003లో పసిబిడ్డల ఎదుగుదల మీద ఇంకో వ్యాసం వచ్చింది. పత్రిక వేరు, శీర్షిక వేరు, తల్లులు వాళ్లే. రెండింటికీ రెండు వరుసలు పెడితే ఒకే సాక్ష్యం రెండుగా కనిపిస్తుంది. అందుకే వరుస అధ్యయనానికి గానీ వ్యాసానికి కాదు. ఆసుపత్రి, చేర్చుకున్న కాలం, రచయితల పేర్లు కలిస్తే అనుమానించాలి. సమీక్షా వ్యాసాలతోనూ ఇదే చిక్కు. భారతదేశంలోని 38 అధ్యయనాలను కలిపి 22 శాతమని లెక్కగట్టిన 2017 నాటి ఉపాధ్యాయ్ బృందం వ్యాసాన్ని, విడి అధ్యయనాల మధ్య ఇంకో వరుసగా పెట్టకూడదు. ఇలాంటి వాటికి వేరే షీటు కావాలి.

నిలువు వరుసలను మొదటి రోజే ఖాయం చేసుకోవాల్సిన పని లేదు. ఒకదానితో ఒకటి పోలని నాలుగైదు వ్యాసాలతో ముందు నింపి చూడాలి. ఏ గడిలో ఏం రాయాలో తోచకపోతే ఆ ప్రశ్న సరిగ్గా లేదన్నమాట. దాన్ని చీల్చాలి, లేదా మార్చాలి. ఆ తర్వాతే మిగిలిన వ్యాసాలకు వెళ్లాలి.

పట్టికను అడ్డంగా నింపుతాం. అధ్యాయం రాసేటప్పుడు నిలువుగా చదవాలి. కారణాల వరుసను పైనుంచి కిందికి చూస్తే గోవాలో పేదరికం, భార్యాభర్తల మధ్య పొసగకపోవడం, బిడ్డ ఆడా మగా అన్నది కనిపిస్తాయి. తమిళనాడులో తక్కువ రాబడి, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, అత్తతోనూ కన్నవాళ్లతోనూ గొడవలు, సాయం చేసే మనిషి లేకపోవడం ఉన్నాయి. అప్పుడు పేరా ఇలా వస్తుంది: ‘పరికరాలు, ప్రాంతాలు వేరైనా, రెండు అధ్యయనాల్లోనూ డబ్బు ఇబ్బంది, బిడ్డ ఆడా మగా అన్నది, ఇంట్లో సంబంధాలు కుంగుబాటుతో ముడిపడి కనిపించాయి. శాతాలను మాత్రం నేరుగా పోల్చలేం, ఎందుకంటే ఒకటి ఉన్న జబ్బును, ఇంకొకటి కొత్తగా వచ్చిన జబ్బును లెక్కించాయి.’ ఒక నిలువు వరుస ఒక పేరా అయింది. అధ్యయనాల పేర్లు ఆ పేరాకు సాక్ష్యాలుగా నిలిచాయి.

చివరగా అందరూ చూసేది ఖాళీ. భాష వరుసను తెలుగు మీద వడపోస్తే ఒకటి రెండు వరుసలే మిగలవచ్చు, అసలేమీ మిగలకపోవచ్చు. ‘తెలుగు తల్లుల మీద పరిశోధనే లేదు’ అని అక్కడికక్కడే రాసేయాలనిపిస్తుంది. పట్టిక చూపించేది మనం వెతికిన చోట దొరికినదాన్నే. పబ్‌మెడ్‌లో మాత్రమే వెతికి ఉంటే, దాని సూచికలో లేని భారతీయ నర్సింగ్ పత్రికలు, విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో ఉన్న థీసిస్‌లు ఈ పట్టికలోకి రానేలేదు. శోధ్‌గంగలో, దగ్గర్లోని కాలేజీల పాత డిసర్టేషన్లలో చూడాలి. ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి ఊరికే వాడారా, ఇంటర్వ్యూతో పోల్చి తెలుగు తల్లులకు ఏ కటాఫ్ సరిపోతుందో తేల్చారా అన్నది విడిగా రాసుకోవాలి. ఎక్కడ, ఏ మాటలతో, ఏ తేదీ దాకా వెతికామో షీటు మొదట్లో ఉండాలి. అప్పుడు ‘ఈ వెతుకులాటలో తెలుగులో కటాఫ్‌ను పరీక్షించిన అధ్యయనం ఇన్ని కనిపించాయి’ అని రాయవచ్చు. డిసర్టేషన్‌లో ఎవరు ప్రశ్నించినా నిలబడే వాక్యం అది.