ట్రెజరీ బిల్లు: పలికే రేటు వేరు, దక్కే రాబడి వేరు

అమెరికా ప్రభుత్వం ఏడాదిలోపు తీర్చే అప్పుల కోసం అమ్మే ట్రెజరీ బిల్లుకు విడిగా వడ్డీ ఉండదు. దాన్ని ముఖ విలువ కన్నా తక్కువ ధరకు అమ్ముతారు. గడువు తీరిన రోజున ముఖ విలువ మొత్తం చెల్లిస్తారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే కొన్నవారి సంపాదన. 1929 డిసెంబరులో మొదటి బిల్లులు అమ్మిన నాటి నుంచీ పద్ధతి ఇదే. చిక్కల్లా ఆ సంపాదనను ఏడాదికి ఇంత శాతమని చెప్పడంలో వస్తుంది. ఒకే బిల్లుకు, ఒకే రోజున, రెండు వేర్వేరు శాతాలు కనిపిస్తాయి. రెండూ సరైన లెక్కలే. కానీ మదుపరికి పనికొచ్చేది వాటిలో ఒకటే.

వేలంలో పెద్ద సంస్థలు ధర చెప్పవు, రేటు చెబుతాయి. తక్కువ రేటుకు ఒప్పుకున్నవారి నుంచి మొదలుపెట్టి, కావలసిన మొత్తం సమకూరేదాకా ట్రెజరీ శాఖ బిడ్లు తీసుకుంటూ పోతుంది. చివరగా అంగీకరించిన రేటే అందరికీ వర్తిస్తుంది. రేటు చెప్పకుండా, వచ్చినదానికి సరేనన్న చిన్న మదుపరులకు కూడా అదే. ఈ రేటును బ్యాంకు డిస్కౌంట్ రేటు అంటారు. ధరను దాని నుంచే లెక్కకడతారు.

182 రోజుల బిల్లు 5 శాతం డిస్కౌంట్ రేటుకు తెగిందనుకుందాం. ముఖ విలువ 10,000 డాలర్లు. అందులో 5 శాతమంటే 500 డాలర్లు. దాన్ని 182తో హెచ్చించి 360తో భాగిస్తే 252.78 డాలర్లు వస్తాయి. ఇది తగ్గింపు. మదుపరి కట్టేది 9,747.22 డాలర్లు, ఆరు నెలల తర్వాత అందుకునేది 10,000.

ఇప్పుడు లెక్కను మదుపరి వైపు నుంచి చూడాలి. అతని జేబులోంచి పోయింది పది వేలు కాదు, 9,747.22 డాలర్లే. దానిపై వచ్చిన 252.78 డాలర్లు 2.593 శాతమవుతాయి. అది 182 రోజులకు వచ్చిన రాబడి. దాన్ని 365 రోజులకు సాగదీస్తే ఏడాదికి 5.20 శాతం. వేలం ఫలితాల్లో ట్రెజరీ శాఖ డిస్కౌంట్ రేటుతో పాటు ‘ఇన్వెస్ట్‌మెంట్ రేట్’ పేరుతో ప్రకటించేది ఈ అంకెనే. బాండ్ల మార్కెట్లో దీన్నే కూపన్ ఈక్వివలెంట్ రాబడి అని కూడా అంటారు. దాని సూత్రం ఇది:

```
(100 − P) / P × 365 / d
```

ఇక్కడ P అంటే వంద డాలర్ల ముఖ విలువకు కట్టిన ధర, d అంటే గడువుకు మిగిలిన రోజులు. కొన్న తర్వాత వచ్చే ఏడాది కాలంలో ఫిబ్రవరి 29 పడితే 365 బదులు 366 తీసుకుంటారు.

5 శాతం 5.20 శాతం కావడానికి కారణాలు రెండు. డిస్కౌంట్ రేటు ఏడాదికి 360 రోజులేనంటుంది. మిగిలిన అయిదు రోజులు కలిపితేనే రేటు 5.07కి చేరుతుంది. అంతకన్నా పెద్ద కారణం రెండోది. డిస్కౌంట్ రేటు సంపాదనను ముఖ విలువతో భాగిస్తుంది, పెట్టిన డబ్బుతో కాదు. వంద రూపాయలకు కాగితం రాయించుకుని, వడ్డీ ముందే కోసుకుని తొంభై చేతిలో పెట్టే వడ్డీ వ్యాపారి ‘పది శాతమే’ అంటాడు. తీసుకున్నవారికి మాత్రం తొంభై మీద పది, అంటే 11 శాతం పైమాట. ట్రెజరీ బిల్లులో ఆ వ్యాపారి స్థానంలో ఉన్నది మదుపరి. కాబట్టి ఈ తేడా అతనికి నష్టం కాదు, లాభమే. అయినా తెలియకపోతే మోసపోయే వీలుంది. బిల్లు 5 శాతం, బ్యాంకు డిపాజిట్ 5.10 శాతం అని చూసి డిపాజిట్‌కు మొగ్గినవారు మంచి బేరాన్ని వదులుకున్నట్టే.

ఇంత తికమక పెట్టే కొలత ఇంకా ఎందుకు బతికుందంటే, లావాదేవీలు నడిపేవారికి అది మహా సులువు. వ్యాపారుల హుండీలను బ్యాంకులు డిస్కౌంట్ చేసే రోజుల్లో లెక్క చేతితోనే చేయాలి. 360ని 30, 60, 90, 180 నిశ్శేషంగా భాగిస్తాయి. ధర తేలడానికి ఒక హెచ్చింపు, ఒక తీసివేత చాలు. పైగా రేటు మారితే ధర సమంగా మారుతుంది. పది లక్షల డాలర్ల 90 రోజుల బిల్లుపై రేటు శాతంలో నూరో వంతు కదిలితే ధర కచ్చితంగా 25 డాలర్లు కదులుతుంది, రేటు ఎక్కడున్నా సరే. కంప్యూటర్లు వచ్చాక ఈ సౌలభ్యం అక్కర తీరింది, అలవాటు మాత్రం పోలేదు.

రెండు అంకెల మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదు. 5 శాతం రేటుకే 28 రోజుల బిల్లయితే అసలు రాబడి 5.09 శాతం దగ్గర ఆగుతుంది. తగ్గింపు చిన్నది కాబట్టి ధర ముఖ విలువకు దగ్గరగా ఉంటుంది. రేట్లు పెరిగినప్పుడు దూరం ఇంకా వేగంగా పెరుగుతుంది. 182 రోజుల బిల్లుకు డిస్కౌంట్ రేటు 1 శాతమైతే రాబడి 1.02. అమెరికాలో 1981లో కనిపించినట్టు 15 శాతమైతే రాబడి 16.46. ఒక శాతంన్నర దాకా తేడా అంటే మామూలు విషయం కాదు. డిస్కౌంట్ రేటుకు ఏదో స్థిరమైన అంకె కలుపుకుంటే సరిపోతుందన్న చిట్కా అందుకే పనిచేయదు. ధర నుంచి ప్రతిసారీ కొత్తగా లెక్క వేసుకోవలసిందే.

5.20 శాతానికి కూడా హద్దులున్నాయి. ఆరు నెలలకు వచ్చేది 2.593 శాతమే. మొత్తాన్ని మళ్లీ అదే రేటుకు తిప్పగలిగితే చక్రవడ్డీ కలిసి ఏడాదికి 5.27 అవుతుంది. అప్పటికి రేట్లు పడిపోతే కాదు. బ్యాంకులు ఏడాది రాబడిగా చూపే అంకెలో చక్రవడ్డీ కలిసే ఉంటుంది కాబట్టి దానితో పోల్చవలసింది 5.27నే. బిల్లును గడువుకు ముందే అమ్మితే ఈ అంకెలేవీ వర్తించవు, ఆ రోజు మార్కెట్ ధరే రాబడిని తేలుస్తుంది. 52 వారాల బిల్లుకు ట్రెజరీ శాఖ పై సూత్రాన్నే వాడదు. ఆరు నెలలకోసారి వడ్డీ ఇచ్చే బాండ్లతో సరిపోల్చడానికి మధ్యలో ఒకసారి వడ్డీ పడినట్టు భావించి లెక్క వేస్తుంది. అందువల్ల 364 రోజులకు 5 శాతం డిస్కౌంట్ రేటుంటే సాధారణ సూత్రం 5.34 చూపినా ప్రకటనలో కనిపించేది 5.27.

భారత్‌లో ఈ తికమక లేదు. రిజర్వ్ బ్యాంక్ వేలం వేసే 91, 182, 364 రోజుల బిల్లులకు రాబడిని కట్టిన ధర మీద, 365 రోజుల ఏడాదికే లెక్కిస్తారు. 91 రోజుల బిల్లు 98.50 రూపాయలకు తెగితే ఆ లెక్కన రాబడి 6.11 శాతం. అదే బిల్లును అమెరికా డిస్కౌంట్ పద్ధతిలో చెబితే 5.93 శాతమే అవుతుంది. అమెరికాలో ఉంటూ రెండు దేశాల రేట్లనూ పక్కపక్కన పెట్టి చూసే తెలుగువారు అక్కడి అంకెగా ఇన్వెస్ట్‌మెంట్ రేట్‌నే తీసుకోవాలి. ఆ తర్వాత మిగిలేది రూపాయి మారకపు విలువ లెక్క.