పిస్తోలు గుండు బరువు, రైఫిల్ గుండు వేగం

అమెరికా సైన్యం 1911లో చేపట్టిన కోల్ట్ పిస్తోలు బుల్లెట్‌ను, అదే సైన్యం వియత్నాం యుద్ధంలో వాడిన ఎం16 రైఫిల్ బుల్లెట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే పోలికే కుదరదు. పిస్తోలుది బొద్దుగా, గుండ్రటి ముక్కుతో, చిటికెన వేలి కొసంత లావుగా ఉంటుంది. బరువు 14.9 గ్రాములు. రైఫిల్‌ది పెన్సిల్ కంటే సన్నగా, మొనదేలి ఉంటుంది. బరువు మూడున్నర గ్రాములు దాటి ఒక పిసరు, అంటే మొదటిదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. అయితే పిస్తోలు బుల్లెట్ గొట్టం దాటేసరికి సెకనుకు సుమారు 255 మీటర్ల వేగంతో వెళ్తుంది. రైఫిల్ బుల్లెట్ వేగం సెకనుకు 990 మీటర్లు.

ఈ రెండింట్లో దేనికి బలమెక్కువ? ప్రశ్న చిన్నదే కానీ దానికి రెండు జవాబులున్నాయి, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి.

బరువును వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. పిస్తోలు బుల్లెట్‌కు అది 3.8, రైఫిల్ బుల్లెట్‌కు 3.5. కొలమానం కిలోగ్రామ్ మీటర్లు, సెకనుకు. కొద్ది తేడాతోనే అయినా బరువైన నెమ్మది బుల్లెట్‌దే పైచేయి. గతిజ శక్తి లెక్క వేరు. అందులో బరువును వేగంతో ఒకసారి కాదు, రెండుసార్లు గుణించి సగం చేయాలి. అలా చూస్తే పిస్తోలు బుల్లెట్‌కు 485 జౌళ్లు వస్తాయి, రైఫిల్ బుల్లెట్‌కు దాదాపు 1,745 వస్తాయి. ద్రవ్యవేగంలో కాస్త వెనకబడిన బుల్లెట్ శక్తిలో మూడున్నర రెట్లు ముందుంది.

వేగాన్ని రెండుసార్లు గుణించాం కాబట్టి అలా వచ్చిందని సూత్రం చూపించి ఊరుకోవచ్చు. కానీ ఆ సూత్రం ఎందుకలా ఉందో తెలియాలంటే తుపాకీ గొట్టంలోకి వెళ్లాలి.

మందు మండగానే పుట్టిన వాయువు బుల్లెట్ వెనక భాగాన్ని నెడుతుంది. రైఫిల్‌లో ఆ పీడనం పిస్తోలులో కంటే రెట్టింపును మించి ఉంటుంది. అయితే రైఫిల్ బుల్లెట్ సన్నం కాబట్టి ఆ పీడనం పనిచేసే చోటు పిస్తోలు బుల్లెట్‌తో పోలిస్తే నాలుగో వంతే. ఎక్కువ పీడనం చిన్న చోట, తక్కువ పీడనం పెద్ద చోట పనిచేస్తే చివరికి నెట్టే బలాలు దగ్గరదగ్గరగానే తేలతాయి. పిస్తోలులో బుల్లెట్ గొట్టం వెంట పరిగెత్తేది సుమారు 11 సెంటీమీటర్లు, రైఫిల్‌లో సుమారు 47. శక్తిని ఈ దూరంతో భాగిస్తే సగటు బలం తెలుస్తుంది. పిస్తోలులో అది 4,400 న్యూటన్లు, రైఫిల్‌లో 3,700. నాలుగు క్వింటాళ్లు అటూ ఇటూగా బరువు మోపితే పడే ఒత్తిడి అది. నిజానికి ఈ బలం మొదట్లో ఒక్కసారిగా ఎగసి తర్వాత తగ్గిపోతుంది కాబట్టి ఇది సగటు మాత్రమే. ఆ బలం పనిచేసే సమయం రెండు తుపాకుల్లోనూ దాదాపు ఒక్కటే, సెకనులో వెయ్యో వంతు కంటే ఒకింత తక్కువ.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక వస్తువును ఎంత బలంతో, ఎంతసేపు నెట్టామన్నదాన్ని బట్టి దానికి ద్రవ్యవేగం చేరుతుంది. ఎంత బలంతో, ఎంత దూరం నెట్టామన్నదాన్ని బట్టి శక్తి చేరుతుంది. బస్తాలు నింపిన తోపుడుబండిని, ఖాళీ బండిని ఒకే బలంతో రెండేసి సెకన్లు నెడితే రెండింటికీ చేరే ద్రవ్యవేగం ఒకటే. కానీ ఆ రెండు సెకన్లలో ఖాళీ బండి ఎంతో దూరం పోతుంది, నెట్టేవాడు దాని వెంట పరిగెత్తుతూ నెట్టాల్సి వస్తుంది. ఎక్కువ పని చేసింది అక్కడే. రైఫిల్ బుల్లెట్ ఆ ఖాళీ బండి లాంటిది. ఇంచుమించు అదే బలం కింద, అంతే సమయంలో, నాలుగు రెట్లకు పైగా దూరం పరిగెత్తింది. అందుకే మూడున్నర రెట్లు శక్తి మూటగట్టుకుని బయటికొచ్చింది.

దీని ప్రభావం కాల్చేవాడి చేతికి వెంటనే తెలుస్తుంది. బుల్లెట్‌ను ముందుకు నెట్టే వాయువు తుపాకీని అంతే బలంతో, అంతసేపే వెనక్కి నెడుతుంది. కాబట్టి బుల్లెట్ ముందుకు తీసుకెళ్లినంత ద్రవ్యవేగాన్నీ తుపాకీ వెనక్కి మోయాలి. శక్తి మాత్రం అలా సమానంగా పంచుకోరు. మూడున్నర కిలోల రైఫిల్‌ను తీసుకుంటే, బుల్లెట్ వల్ల అది సెకనుకు ఒక మీటరు వేగంతో వెనక్కి వస్తుంది, దాని శక్తి రెండు జౌళ్లు కూడా ఉండదు. మిగతాదంతా బుల్లెట్‌తోనే పోయింది. అదే పిస్తోలు బరువు ఒక కిలో పైచిలుకే కావడంతో సెకనుకు మూడున్నర మీటర్ల దాకా వేగంతో వెనక్కి తంతుంది. బుల్లెట్ వెనకే దూసుకొచ్చే వాయువు కూడా తుపాకీని నెడుతుంది. మందు ఎక్కువ పట్టే రైఫిల్‌లో దాని వాటా పెద్దది. అది కలిపినా తక్కువ శక్తి గల బుల్లెట్‌ను వదిలే పిస్తోలే చేతిని ఎక్కువగా కుదుపుతుంది.

భారత సైన్యం 1990లలో 7.62 మిల్లీమీటర్ల ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ పక్కనపెట్టి 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ తెచ్చుకోవడం వెనక ఈ లెక్క కూడా ఉంది. పాత బుల్లెట్ బరువు తొమ్మిదిన్నర గ్రాములు, కొత్తది నాలుగు. పాతదానితో పోలిస్తే కొత్తదాని శక్తి సగం దాకా నిలిచింది గానీ, భుజానికి తగిలే ద్రవ్యవేగం సగం కంటే తక్కువకు దిగింది. వరసగా కాల్చేటప్పుడు తుపాకీ గురి చెదరకుండా పట్టుకోవడం దానితో తేలికవుతుంది. అంతే బరువులో ఎక్కువ తూటాలు మోసుకెళ్లే వీలూ కలుగుతుంది.

ద్రవ్యవేగాన్ని కళ్లకు కట్టించే పరికరం తయారై 280 ఏళ్లు దాటింది. ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ 1742లో ఫిరంగి విద్య మీద రాసిన పుస్తకంలో దాన్ని వివరించాడు. ఇనుప పలక మీద మందపాటి చెక్క బిగించి, లోలకంలా వేలాడదీసి, దాని మీదికి తుపాకీ కాల్చాడు. గుండు చెక్కలో దిగబడగానే లోలకం వెనక్కి ఊగుతుంది. కింద కట్టిన రిబ్బను ఎంత లాక్కుపోయిందో చూసి ఊపు కొలిచాడు. దాన్నిబట్టి మస్కెట్ గుండు వేగం సెకనుకు 1,600 అడుగులు దాటుతుందని తేల్చాడు. కంటికి కనిపించని వేగాన్ని తీరిగ్గా ఊగే చెక్కతో కొలవడం అద్భుతమైన ఆలోచన. ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ అతన్ని కోటల ఇంజినీరుగా మన దేశానికి పంపింది. 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో అతను కన్నుమూశాడు.

మన రెండు బుల్లెట్లనూ ఆరు కిలోల చెక్క లోలకం మీదికి కాలుద్దాం. రెండూ చెక్కలోనే ఆగాయనుకుంటే, రైఫిల్ బుల్లెట్ తగిలిన చెక్క 1.8 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తుంది, పిస్తోలు బుల్లెట్ తగిలినది రెండు సెంటీమీటర్లకు లేస్తుంది. మూడున్నర రెట్లు శక్తి ఉన్న బుల్లెట్టే చెక్కను తక్కువ ఎత్తుకు ఊపింది! ఎందుకంటే ఈ లోలకం కొలిచేది ద్రవ్యవేగాన్నే.

ఇంటర్మీడియట్ ఫిజిక్సులో ఈ లెక్క ఎదురైనప్పుడు విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బుల్లెట్ శక్తి మొత్తం చెక్కను పైకి లేపడానికే పనికొచ్చిందనుకుని లెక్క కడితే, రైఫిల్ బుల్లెట్‌కు దాదాపు 30 మీటర్ల ఎత్తు వస్తుంది, అంటే తొమ్మిది పదంతస్తుల మేడంత. అంత జవాబు కనిపించిందంటే దారి తప్పినట్టే. నిజానికి ఆ 1,745 జౌళ్లలో చెక్క ఊపుకు దక్కేది ఒకే ఒక్క జౌల్. మిగతాది నార చీల్చడానికి, సీసాన్ని నలగ్గొట్టడానికి, చెక్కను, బుల్లెట్‌ను వేడెక్కించడానికి ఖర్చయిపోతుంది. కాబట్టి ఢీకొనే క్షణానికి ద్రవ్యవేగం లెక్క వేయాలి, చెక్క కదలడం మొదలుపెట్టాకే శక్తి లెక్కకు రావాలి.

ప్రయోగంలోనూ తప్పులు దొర్లుతాయి. బుల్లెట్ చెక్కను చీల్చుకుని అవతలికి పోతే తన ద్రవ్యవేగంలో కొంత వెంట తీసుకుపోతుంది, ఊపు తగ్గి వేగం తక్కువగా తేలుతుంది. తగిలిన చోటి నుంచి చెక్క పేళ్లు వెనక్కి ఎగిరితే చెక్కకు అదనపు తోపు దొరికి వేగం ఎక్కువగా కనిపిస్తుంది. తుపాకీ మరీ దగ్గరుంటే వాయువు కూడా లోలకాన్ని నెడుతుంది.

సినిమాల్లో తుపాకీ దెబ్బ తిన్న మనిషి గాల్లో ఎగిరి అద్దాలు పగలగొట్టుకుంటూ పడడాన్ని కూడా ఈ లెక్కతోనే చూడొచ్చు. 75 కిలోల మనిషిలో పిస్తోలు బుల్లెట్ ఆగిపోతే అతనికి కలిగే వేగం సెకనుకు అయిదు సెంటీమీటర్లే. అంత ద్రవ్యవేగాన్నీ కాల్చినవాడి చెయ్యి అప్పటికే భరించింది, అతను నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు. దెబ్బ తిన్నవాడు కూలిపోయేది గాయం వల్ల.

ఆ గాయాన్ని గానీ, చెక్కలో రంధ్రాన్ని గానీ లెక్కించాలంటే శక్తి వైపు తిరగాలి. 1720ల్లో డచ్చి శాస్త్రవేత్త విల్లెం ఎస్‌గ్రావెసాండే ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద వదిలి చూశాడు. వేగం రెట్టింపయితే గుంట రెట్టింపు కాలేదు, నాలుగు రెట్లయింది. మట్టి ఎదిరించే బలం గుండు దిగబడే దూరమంతా పనిచేసి దాని శక్తిని హరిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. అయితే శక్తి ఒక్కటే గాయాన్ని నిర్ణయించదు. బుల్లెట్ లోపల వెడల్పుగా విచ్చుకుందా, తిరగబడిందా, ముక్కలైందా, ఏ అవయవాన్ని తాకింది అన్నవి కూడా చూడాలి. ఒంటిని దాటి బయటికి పోయిన బుల్లెట్ తన శక్తిలో కొంత తనతోనే తీసుకుపోతుంది.

వేగం మీద ఆధారపడ్డ శక్తికి మరో బలహీనత ఉంది. గాలి మస్కెట్ గుండును అప్పటివారు ఊహించినదానికంటే ఎంతో ఎక్కువగా అడ్డగిస్తుందని తన లోలకంతో మొదట చూపించింది రాబిన్సే. ఎం16 బుల్లెట్ అర కిలోమీటరు దగ్గర్లో పడేసరికి దాని వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. ద్రవ్యవేగం సగమవుతుంది, శక్తి మాత్రం నాలుగో వంతుకు, అంటే 440 జౌళ్ల దరిదాపులకు దిగిపోతుంది. గొట్టం దాటిన క్షణాన పిస్తోలు బుల్లెట్‌కున్న శక్తి కంటే అది తక్కువ. 7.62 బుల్లెట్ బరువు ఎక్కువ కావడంతో అంత దూరంలోనూ వేగాన్ని మెరుగ్గా నిలుపుకుంటుంది. ఇన్సాస్ వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత, 2019లో భారత సైన్యం సరిహద్దుల్లోని పదాతి దళాల కోసం సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డరిచ్చింది. అవి మళ్లీ 7.62 బుల్లెట్లనే కాలుస్తాయి, వాటితోపాటే భుజానికి పెద్ద కుదుపూ తిరిగొచ్చింది.