మూలం రెండు సార్లు, దారి ఒక్కటే

డిగ్రీలో అవకలన సమీకరణాలు చదివినవాళ్లకు ఒక సూత్రం గుర్తుండే ఉంటుంది. సహాయక సమీకరణంలో m అనే మూలం రెండు సార్లు వస్తే సమాధానాన్ని (c₁ + c₂t)e^(mt) అని రాయాలి. ఆ t అక్కడికి ఎందుకొచ్చిందని అడిగితే, మా క్లాసులో వచ్చిన జవాబు "గుర్తుపెట్టుకోండి, పరీక్షలో వస్తుంది" అని. పరీక్షలో వచ్చింది కూడా. కానీ ఆ t వెనక ఒక కథ ఉంది. అది తెలియాలంటే తనంతట తాను మూసుకునే తలుపు ఒకటి చాలు.

ఆఫీసు గదుల తలుపుకి పైన డోర్ క్లోజర్ బిగిస్తారు కదా. లోపల ఉన్న స్ప్రింగు తలుపును మూతవైపు లాగుతుంది, నూనె ఆ వేగాన్ని అడ్డుకుంటుంది. తలుపు ఎంత తెరిచి ఉందో x అనుకుందాం, ఎంత వేగంగా కదులుతోందో v అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండే అంకెలు వేసుకుంటే, x మారే రేటు v. V మారే రేటు −4x − 4v. ఈ రెండు వాక్యాలనూ ఒక మాత్రికలో పెట్టవచ్చు:

```
A = [  0   1 ]
    [ -4  -4 ]
```

మాత్రిక అంటే (x, v) లాంటి ఒక జతను తీసుకుని మరో జతను ఇచ్చే యంత్రం. జతను బాణంగా గీస్తే, మాత్రిక చేతిలో పడ్డ బాణం మామూలుగా దిశ మార్చుకుంటుంది. ఎక్కడో కొన్ని బాణాలు మాత్రం తమ గీత దాటవు. సాగుతాయి, కుంచించుకుపోతాయి, లేదా అదే గీత మీద వెనక్కి తిరుగుతాయి. అవే ఐగెన్ సదిశలు. ఎన్ని రెట్లు మారాయో చెప్పే సంఖ్య ఐగెన్ విలువ, దాన్ని λ అని రాస్తారు. తలుపు భాషలో చెప్పాలంటే, అలాంటి గీత మీద మొదలైన కదలిక చివరిదాకా ఆ గీత మీదే e^(λt) చొప్పున సాగిపోతుంది.

λ కోసం A − λI నిర్ధారకాన్ని సున్నాకి సమానం చేయాలి. ఇక్కడ అది λ² + 4λ + 4 = 0, అంటే (λ + 2)² = 0. మూలం −2, రెండు సార్లు. ఇలా ఒక ఐగెన్ విలువ ఈ సమీకరణంలో ఎన్ని సార్లు మూలంగా వస్తుందో ఆ లెక్కే బీజీయ బహుళత్వం. మన తలుపుకి అది 2.

ఇక దిశలు వెతుకుదాం. A + 2I సున్నా చేసే బాణాలు కావాలి:

```
A + 2I = [  2   1 ]
         [ -4  -2 ]
```

పై వరుస 2x + v = 0 అంటోంది. కింది వరుస అదే మాటను −2తో గుణించి మళ్లీ చెబుతోంది, కొత్త కబురేమీ లేదు. కాబట్టి v = −2x. దొరికింది u = (1, −2) అనే ఒక్క దిశ, దాని గుణిజాలు. ఒక ఐగెన్ విలువకి ఒకదానిపై ఒకటి ఆధారపడని దిశలు ఎన్ని దొరికితే అంత జ్యామితీయ బహుళత్వం. ఇక్కడ అది 1. మూలం రెండు సార్లు వచ్చింది, దారి మాత్రం ఒక్కటే వచ్చింది.

తప్పు మూలం రెండు సార్లు రావడంలో ఉందా? లేదు. బల్ల మీద రెండు టీ గ్లాసులు దూరదూరంగా పెట్టామనుకోండి. గది వేడికంటే ఒక్కో గ్లాసు ఎంత ఎక్కువ వేడిగా ఉందో ఆ తేడా రెండింట్లోనూ ఒకే రేటున, −2 చొప్పున తగ్గుతోంది. దాని మాత్రికలో కర్ణం మీద −2, −2, మిగతావి సున్నాలు. సమీకరణం అచ్చంగా అదే, (λ + 2)² = 0. ఈసారి A + 2I మొత్తం సున్నాల మాత్రిక, కాబట్టి ఏ బాణమైనా ఐగెన్ సదిశే. జ్యామితీయ బహుళత్వం 2. గ్లాసుల చల్లారుడులో t ఎక్కడా కనిపించదు.

జ్యామితీయ లెక్క కనీసం 1 ఉంటుంది, బీజీయ లెక్కను ఎప్పుడూ దాటదు. రెండూ సమానమైతే చిక్కులేదు. తక్కువ పడినప్పుడే t వస్తుంది.

ఎలా వస్తుందో తలుపు దగ్గరే చూద్దాం. తలుపును 1 దాకా తెరిచి, తొయ్యకుండా వదిలేశాం. మొదలు (1, 0). ఇది u గీత మీద లేదు. u మీద ఉండాలంటే వదిలేటప్పుడు సరిగ్గా 2 వేగంతో మూతవైపు తొయ్యాలి, అలా ఎవరు తోస్తారు? కాబట్టి రెండో బాణం కావాలి. ఐగెన్ సదిశ ఇంకోటి లేదు గనక, దాని పక్కింటిదాన్ని పిలుస్తాం: A + 2I చేత గుణిస్తే సున్నా కాకుండా u వచ్చే బాణం. (0, 1) పెట్టి చూడండి, సరిగ్గా (1, −2) వస్తుంది. దీన్ని w అందాం. w తన గీత మీద నిలబడలేదు. క్షణక్షణం −2 చొప్పున తగ్గుతూనే, u దిశలో కాస్త చొప్పున జారుతుంది. ఆ జారుడు కాలంతోపాటు పోగవుతుంది. t సెకన్లకు w కాస్తా e^(−2t)(w + t·u) అవుతుంది. ఆ t ఇదే.

(1, 0) = u + 2w కాబట్టి తలుపు స్థానం x = e^(−2t)(1 + 2t). ఒక సెకను తర్వాత అది 0.406. t లేకుండా ఉత్త e^(−2t) వేసుకుంటే 0.135 వచ్చేది, మొదట్లో తలుపు కదలకుండా ఉందన్న సంగతి కూడా ఆ లెక్కలో కుదరదు.

ఈ రెండు బహుళత్వాలను కలగాపులగం చేసుకుంటే విద్యార్థులు సిగ్గుపడనక్కర్లేదు. లగ్రాంజ్ అంతటివాడు చిన్న కంపనాల లెక్కలో మూలాలు సమానమైతే t తప్పకుండా వచ్చి కదలిక హద్దు దాటిపోతుందనుకున్నాడు. లాప్లాస్ కూడా అదే దారి. అది పొరపాటని 1858లో వైర్‌స్ట్రాస్ చూపించాడు. ఆ కంపనాల వెనక ఉండేవి సౌష్ఠవ మాత్రికలు. వాటిలో మూలం ఎన్ని సార్లు వస్తే అన్ని దిశలూ దొరుకుతాయి, టీ గ్లాసుల్లాగే. మన తలుపు మాత్రిక సౌష్ఠవం కాదు, ఒక మూల 1, ఎదురు మూల −4. దిశలు తక్కువ పడ్డ మాత్రికలను u, w లాంటి గొలుసులుగా పేర్చే పద్ధతి జోర్డాన్ పేరు మీద నిలిచింది. 1870 నాటి అతని పుస్తకంలో ఉంది.

కాగితం మీద ఇదంతా స్పష్టంగా ఉంటుంది. కంప్యూటరులో అలా ఉండదు. స్ప్రింగు బలం 4 బదులు 3.9999 అని కొలిచామనుకోండి. పదివేలలో ఒక వంతు తేడాకి మూలాలు −1.99, −2.01గా విడిపోతాయి, అంటే కదిలింది నూరింట ఒక వంతు. 4.0001 అయితే ఇంకా విచిత్రం, సంకీర్ణ సంఖ్యలు వస్తాయి. టీ గ్లాసు రేటులో అంతే తేడా వస్తే మూలం కూడా అంతే కదులుతుంది.

మూలాలు విడిపోయాయి గనక ఇప్పుడు దిశలు రెండున్నాయి: (1, −1.99), (1, −2.01). కానీ గీసి చూస్తే రెండూ ఒకే గీతలా ఉంటాయి. వాటితో (1, 0)ని కట్టబోతే మొదటిది 100.5 రెట్లు, రెండోది −99.5 రెట్లు కావాలి. ఒక సెకను తర్వాత తలుపు ఎక్కడుందో చెప్పడానికి 13.738 లోంచి 13.332 తీసివేయాలి. మిగిలేది మళ్లీ ఆ 0.406.